బోర్డు మీద పండగ, గడువుకు గండం

ముగ్గురు పనిచేసే మా చిన్న యాప్ ప్రాజెక్టులో, ఒక్కో పనిని ఒక్కో కార్డుగా రాసి కాలమ్ నుంచి కాలమ్‌కు జరిపే కాన్‌బాన్ బోర్డుకు నిత్యపూజ జరుగుతుంది. ప్రతి ఉదయం దాని ముందు నిలబడి, ఒక కార్డును ‘డన్’ కాలమ్‌లోకి జరిపి, ఆ మహత్కార్యానికి చప్పట్లు కొడతాము. బటన్ రంగు మార్చినందుకు ఒక కార్డు, అది నచ్చక పాత రంగే మళ్ళీ వేసినందుకు మరొక కార్డు. రెండూ పూర్తయిన పనులే, రెండింటికీ చప్పట్లే. పదహారో రోజుకు ‘డన్’లో 31 కార్డులు పోగయ్యాయి. స్క్రోల్ చేస్తే వేలు నొప్పి పుట్టేంత ప్రగతి!

ఈ హడావుడిలో ‘టు డూ’ అడుగున ఒక కార్డు పడి ఉంది. యాప్‌లో డబ్బు చెల్లింపులు జరిపించే పేమెంట్ గేట్‌వే సంస్థకు ఖాతా కోసం దరఖాస్తు పంపడం అందులోని పని. అరగంట పనే కదా, ఎప్పుడైనా చేయవచ్చునని ఎవరూ దానిని ముట్టుకోలేదు. బోర్డు దృష్టిలో అది బటన్ రంగుతో సరిసమానం: అదే వెడల్పు, అదే ఎత్తు. తన వెనుక పది పనిదినాల నిరీక్షణ దాగి ఉన్నదని చెప్పుకోవడానికి పాపం ఆ కార్డుకు నోరు లేదు.

పనులను తేదీల వరుసలో పట్టీలుగా చూపే టైమ్‌లైన్ గీసి ఉంటే ఆ నిరీక్షణ పది రోజుల పొడవైన పట్టీగా కంట్లో పడేది. మా విడుదల 30వ పనిదినాన. అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తే, యాప్ స్టోరు సమీక్షకు 3 రోజులు, టెస్టింగుకు 5, గేట్‌వేను యాప్‌తో కలపడానికి 6, ఖాతాకు ఆ సంస్థ అనుమతికి 10. ఒకటి ముగిస్తే గాని మరొకటి మొదలు కాదు కనుక మొత్తం 24 రోజులు. దరఖాస్తు పంపడం 7వ రోజు దాటకూడదు. మేము పంపినది 17వ రోజున. విడుదల 40వ రోజుకు జారింది. కార్డుకు గడువు తేదీ పెట్టవలసిందని పండితులు సెలవిస్తారు. పెట్టాము, విడుదల కార్డుకు! ఆ తేదీ దరఖాస్తు కార్డును ఎప్పుడు కదిలించాలో చెప్పదు.

ఆ తరువాత గేట్‌వే పని చూసే అమ్మాయిని శని, ఆదివారాలు కూడా రమ్మన్నారు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. గేట్‌వేను యాప్‌తో కలిపి పరీక్షించడానికి కావలసిన టెస్టు కీలు కూడా ఖాతా వచ్చాకే ఇచ్చే సంస్థ అది. అనుమతి రాకుండా ఆమె తెల్లవార్లూ కూర్చుని ఏం చేయాలి? గీత గీసి లెక్క చూడని వాళ్ళ సోమరితనానికి ఆమె సెలవులు ఎందుకు బలి కావాలి?

అలాగని టైమ్‌లైన్‌కు గుడి కట్టమనడం లేదు. నలభై కార్డులనూ పట్టీలుగా గీస్తే రెండో వారానికే అది అబద్ధాల తోరణమవుతుంది. రోజూ వచ్చిపడే బగ్గులకు బోర్డే మేలు. బయటివారి కోసం ఆగవలసినవి, ఒకదాని మీద ఒకటి ఆధారపడినవి, తేదీ జరపలేనివి మాత్రమే గీస్తే ఆరేడు పట్టీలకు మించవు. మొదలు కావలసిన తేదీ దాటిపోయినా మొదలుకాని పట్టీ ఏదైనా ఉన్నదా అని వారానికోసారి చూసుకుంటే చాలు.

ఇదంతా నిన్నటి సమావేశంలో విన్నవించాను. అందరూ తలలూపారు. ‘టైమ్‌లైన్ గీయడం’ అని ఒక కార్డు రాసి, ‘టు డూ’ అడుగున పెట్టారు.