పలక పెడితే శక్తి పెరుగుతుందా? ముందు బ్యాటరీ ఉందో లేదో చెప్పండి

"కెపాసిటర్‌లో డైఎలక్ట్రిక్ పలక పెడితే కెపాసిటెన్స్ K రెట్లు పెరుగుతుంది. కాబట్టి చార్జ్, శక్తి కూడా K రెట్లు పెరుగుతాయి, బ్యాటరీ ఉన్నా లేకపోయినా. పలకను పెడుతూ తీస్తూ ఉంటే కరెంటు ఫ్రీ. బ్యాటరీ ఇచ్చిన శక్తిలో సగం లెక్కకు రాదు, పుస్తకాలు ఇది చెప్పవు. బ్యాటరీ తీసేశాక పలక వోల్టేజ్‌ని తగ్గించేస్తుంది, అందుకే మోటారు ఆపాక కెపాసిటర్‌ని చేత్తో పట్టుకున్నా ఏమీ కాదు. అందరికీ పంపండి."

ఈ మెసేజ్ భీమవరం స్నేహితుల గ్రూపులో వచ్చింది, అమలాపురం బంధువుల గ్రూపులో వచ్చింది, ఇప్పుడు ఇంటర్ పిల్లలు నోట్సులో రాసుకుంటున్నారు. పరీక్షలో మార్కులు పోతే పోనీ, చివరి మాట నమ్మినవాడికి పోయేది మార్కులు కాదు. అందుకే చివరి మాట దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి వాక్యం సరే. డైఎలక్ట్రిక్ అంటే కరెంటు పోనివ్వని పదార్థం, K అంటే దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం. అయితే పలక రెండు ప్లేట్ల మధ్య ఖాళీ మొత్తాన్ని నింపితేనే K రెట్లు. సగం మందం పలక పెడితే, K విలువ 5 అయినా, కెపాసిటెన్స్ 1.67 రెట్లే అవుతుంది. ఇక్కడ ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

రెండో వాక్యంలో అసలు తప్పు ఉంది. ఒక్క లెక్క చేసి చూద్దాం. 100 పికోఫారడ్ల కెపాసిటర్‌ని 100 వోల్టుల బ్యాటరీతో చార్జ్ చేశాం. దాని మీద ఆవేశం, అంటే చార్జ్, 10 నానోకూలుంబులు, నిల్వ శక్తి 0.5 మైక్రోజౌల్. బ్యాటరీ తీగలు విప్పేసి, K విలువ 5 ఉన్న పలకను లోపలికి పంపాం. ఆవేశానికి బయటికి పోయే దారి లేదు, లోపలికి వచ్చే దారీ లేదు, కాబట్టి 10 నానోకూలుంబులు అలాగే ఉంటాయి. కెపాసిటెన్స్ 500 పికోఫారడ్లు అయింది కనుక వోల్టేజ్ 20కి దిగుతుంది. శక్తి 0.1 మైక్రోజౌల్ అవుతుంది. అంటే ఐదో వంతు. ఐదు రెట్లు పెరిగిందనడానికి ఎక్కడుంది అవకాశం?

తగ్గిన 0.4 మైక్రోజౌల్ ఎక్కడికి పోయింది? పలక అంచు దగ్గర క్షేత్రరేఖలు వంగి ఉంటాయి. ఆ వంపు వల్ల ప్లేట్లు పలకను తమ మధ్యకి లాగుతాయి. మనం మెల్లగా పట్టి వదిలితే మన చేతి మీద పని జరుగుతుంది, వదిలేస్తే పలక వేగం అందుకుంటుంది. అంటే శక్తి పలకకో చేతికో వెళ్ళిందే తప్ప మాయమవలేదు. ఘర్షణ ఉంటే చివరికి వేడి అవుతుంది.

ఇప్పుడు అదే పలకను బ్యాటరీ తగిలించి ఉండగా పెట్టండి. ఇక్కడ మారనిది వోల్టేజ్, 100 వోల్టులే. ఆవేశం 50 నానోకూలుంబులు అవుతుంది, శక్తి 2.5 మైక్రోజౌళ్ళు. శక్తి నిజంగానే ఐదు రెట్లయింది. మెసేజ్ రాసిన మనిషి ఈ ఒక్క సందర్భం చూసి దాన్ని రెండింటికీ అంటించేశాడు.

ఇక్కడే అతని సగం మాట దగ్గర నేను ఒప్పుకోవాల్సింది ఉంది. బ్యాటరీ అదనంగా పంపిన 40 నానోకూలుంబులకు 100 వోల్టుల చొప్పున 4 మైక్రోజౌళ్ళు ఖర్చు పెట్టింది. కెపాసిటర్‌లో పెరిగింది 2 మాత్రమే. సరిగ్గా సగం. K విలువ ఎంతైనా, వోల్టేజ్ మారకుండా మెల్లగా పెడితే ఈ సగం తప్పదు. మిగతా సగం పలకను లోపలికి లాగే పనికి పోయింది. చాలామంది విద్యార్థులకు ఇది చెప్పకుండానే అధ్యాయం ముగుస్తుంది, కాబట్టి అతని ఫిర్యాదులో న్యాయం ఉంది. కానీ "లెక్కకు రాదు" అనకండి, లెక్క పైసాతో సహా వస్తుంది.

ఇక ఫ్రీ కరెంటు. పలక లోపల ఉండగా 100 వోల్టులకు చార్జ్ చేసి, బ్యాటరీ విప్పి, పలకను బయటికి లాగితే 500 వోల్టులు కనిపిస్తాయి. నిల్వ శక్తి 2.5 నుంచి 12.5 మైక్రోజౌళ్ళకు ఎక్కుతుంది. పెరిగిన 10 మైక్రోజౌళ్ళూ ఇచ్చింది లాగిన చెయ్యి, ఎందుకంటే ప్లేట్లు పలకను వెనక్కి గుంజుతుంటాయి. తిరిగి లోపలికి వదిలితే ఆ 10 మనకే వాపసు వస్తాయి. ఒక చక్రం పూర్తయ్యేసరికి మిగిలేది సున్నా, తీగల్లో పోయే వేడిని కలిపితే నష్టం.

ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చే మాట. మన డెల్టాలో ఇంటింటికీ బోరు మోటారు ఉంది, చెరువు గట్ల మీద తడి చేతులతో స్టార్టర్ బాక్సులు తెరిచేవాళ్ళున్నారు. మోటారు ఆపినప్పుడు కెపాసిటర్‌లోకి కొత్తగా పలక ఏమన్నా దూరుతుందా? ఆ డబ్బాలో ప్లాస్టిక్ ఫిల్మ్ ఫ్యాక్టరీలో చుట్టినప్పటి నుంచీ ఉంది. అది ఉండగానే వోల్టేజ్ ఎక్కింది. కాబట్టి ఆపాక తగ్గించడానికి అది కొత్తగా చేసేదేమీ లేదు. పైన 20 వోల్టులకు దిగింది, విప్పాక పలకను దూర్చాం కాబట్టి.

230 వోల్టుల సరఫరా శిఖరం దగ్గర సుమారు 325 వోల్టులు. ఆ క్షణంలో స్విచ్ తెగితే 50 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో దాదాపు 2.6 జౌళ్ళు ఉండిపోతాయి. మోటారు నడుస్తుండగా కెపాసిటర్ మీద వోల్టేజ్ ఇంకా ఎక్కువ ఉండొచ్చు, డబ్బా మీద 440 వోల్టులని ముద్రించేది ఊరికే కాదు.

"నేను ఎన్నోసార్లు ముట్టుకున్నా, ఏమీ కాలేదు" అనేవాళ్ళ అనుభవం అబద్ధం కాదు. చాలా మోటార్లలో ఆపాక కూడా కెపాసిటర్ వైండింగుల గుండా ఖాళీ అవుతుంది. కానీ వైండింగ్ కాలి తెగిపోతే ఆ దారి మూసుకుపోతుంది. స్టార్టింగ్ కెపాసిటర్‌ని మోటారు వేగం అందుకున్నాక సెంట్రిఫ్యుగల్ స్విచ్ విడగొడుతుంది, అప్పుడూ అంతే. మనం బాక్సు తెరిచేదే మోటారు చెడిపోయినప్పుడు! సరిగ్గా ఆ రోజే ఆ దారి ఉండకపోవచ్చు.

మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి, పొడి చేతులతో, ఇన్సులేషన్ ఉన్న తీగలకు 10 కిలోఓమ్, 10 వాట్ల రెసిస్టర్ కట్టి రెండు టెర్మినల్స్‌కీ ఆనించండి. 50 మైక్రోఫారడ్లకు మూడు సెకన్లు చాలు, పది సెకన్లు ఉంచండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే నిప్పురవ్వ ఎగిరి టెర్మినల్ కాలుతుంది. తర్వాత మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి చూడండి. సున్నా చూపినా కొన్ని నిమిషాల తర్వాత మళ్ళీ కొలవండి, ఎందుకంటే డైఎలక్ట్రిక్ లోపల చిక్కుకున్న ధ్రువణం మెల్లగా విడుదలై వోల్టేజ్ కొంత తిరిగి లేస్తుంది. అందుకే విప్పి పక్కన పెట్టే పెద్ద కెపాసిటర్ టెర్మినల్స్ మధ్య ఒక తీగ కట్టి ఉంచుతారు.