రోజువారీ చక్రవడ్డీ అంటే మురిసిపోవద్దు, ముందు రేటు చూడండి

2025లో రెపో రేటు దిగడం మొదలైనప్పటి నుంచి డిపాజిట్ల వడ్డీ ఎలా పడిందో ఎఫ్‌డీ వేసిన ప్రతి ఇంట్లోనూ తెలుసు. రేటు పెంచలేని చోట మాటలు పెరుగుతాయి. మొన్న మా బాబాయి ఒక కరపత్రం తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక సొసైటీ వాళ్లది. 7 శాతం వడ్డీ, అదీ ‘రోజువారీ చక్రవడ్డీ’ అని ఎర్రక్షరాలతో అచ్చు వేశారు. బ్యాంకులో 7.1 శాతం ఇస్తున్నారు కానీ మూడు నెలలకోసారే అసలులో కలుపుతారు. “రోజూ కలిపేదే మంచిది కదరా?” అన్నాడు బాబాయి.

కాదు. లక్ష రూపాయలకు ఏడాది చివర సొసైటీ ఇచ్చే వడ్డీ రూ.7,250.10. బ్యాంకు ఇచ్చేది రూ.7,291.28. బ్యాంకే 41 రూపాయలు ఎక్కువ ఇస్తోంది. ఆ సొసైటీ గంటకోసారి, నిమిషానికోసారి, ఆఖరికి క్షణం విరామం లేకుండా కలిపినా బ్యాంకును అందుకోలేదు. ఎందుకంటే 7 శాతం రేటు మీద ఎంత వేగంగా కలిపినా రూ.7,250.82 దాటదు. రోజువారీకి, నిరంతర చక్రవడ్డీకి మధ్య ఏడాదికి లక్షకు తేడా అక్షరాలా 72 పైసలు.

ఆ గోడ ఎక్కడిదో తెలిస్తే ఇలాంటి కరపత్రాలకు మనం మోసపోం. ఏడాది వడ్డీ రేటు r అనుకుందాం. ఏడాదిని n భాగాలు చేసి, ఒక్కో భాగానికి r/n చొప్పున వడ్డీ కలిపితే రూపాయి (1 + r/n)^n అవుతుంది. ఇంతవరకు బడిలో చెప్పిందే. n పెరిగే కొద్దీ ఇది e^r కు దగ్గరవుతుందని, e అంటే సుమారు 2.718 అని ఇంటర్‌లో బట్టీ పట్టిస్తారు. ఎందుకు దగ్గరవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పడానికి కష్టమైన సంగతేమీ కాదు.

లక్ష మీద 7 శాతం అంటే ఏడాదికి 7,000. ఇది అసలు మీద వచ్చే వడ్డీ. ఎన్నిసార్లు కలిపినా ఇది మారదు. మారేది వడ్డీ మీద వచ్చే వడ్డీ. రోజువారీ పద్ధతిలో మొదటి రోజు పుట్టిన 19 రూపాయల 18 పైసలు ఇంకా 364 రోజులు పని చేస్తాయి. చివరి రోజు పుట్టిన అంతే మొత్తానికి పని చేయడానికి ఒక్క రోజు కూడా మిగలదు. మధ్యలో పుట్టినవి మధ్యస్థంగా. అంటే ఆ 7,000 సగటున అర్ధ సంవత్సరం పని చేస్తుంది. 7,000 మీద 7 శాతం 490, అందులో సగం 245. సూత్రంలో r²/2 అని కనిపించే ఆ ‘బై రెండు’ ఈ సగమే! ఆ 245 మీద మళ్లీ వచ్చే వడ్డీ r³/6, అంటే రూ.5.72. దాని మీద వచ్చేది 10 పైసలు. అన్నీ కూడితే 7,250.82. ఇదీ e^r అంటే:

```
e^r = 1 + r + r²/2 + r³/6 + r⁴/24 + ...
```

ఒక్కో పదం వడ్డీలో ఒక్కో తరం. తాత సొమ్ము అసలు, కొడుకు వడ్డీ, మనవడు వడ్డీ మీద వడ్డీ. ప్రతి తరం ముందు తరం కంటే ఆలస్యంగా పుడుతుంది కాబట్టి పని చేసే కాలం తగ్గిపోతూ వస్తుంది. అందుకే కింద 2, 6, 24 అని పెరుగుతూ పోతాయి. ఎంత తరచుగా కలిపినా మొత్తం అనంతానికి ఎగిరిపోకపోవడానికి కారణం ఇదే. రోజువారీలో మొదటి రోజు వడ్డీకి పని చేసే అవకాశం 365 రోజులకు బదులు 364 రోజులే కాబట్టి మనవడి వాటా 245కు బదులు 244.33 అవుతుంది. 72 పైసల్లో 67 పైసలు ఇక్కడే పోయాయి.

ఈ ప్రశ్న మొదట వేసినవాడు స్విట్జర్లాండ్ గణితవేత్త జాకబ్ బెర్నూలీ. వడ్డీని ప్రతి క్షణం అసలులో కలిపితే ఏడాది చివర ఎంత అవుతుందని అడిగి, నూటికి నూరు వడ్డీ అయినా రూపాయి రెండున్నరకు పైన, మూడుకు లోపల ఆగుతుందని 1690లో అచ్చులో చూపించాడు. ఆ సంఖ్యకు e అనే అక్షరం తర్వాత ఆయిలర్ పెట్టాడు. అంటే e పుట్టిన చోట్లలో వడ్డీ లెక్క ఒకటి. మన పిల్లలకు దాన్ని వడ్డీతో సంబంధం లేని వింత సంఖ్యగా పరిచయం చేయడం నాకు బాధగా ఉంటుంది.

మరి ఫైనాన్స్ నిపుణులంతా నిరంతర చక్రవడ్డీనే వాడతారు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, ఆప్షన్ల ధర కట్టే సూత్రాల్లో e^(-rt) తప్పనిసరి. కానీ అక్కడ దాన్ని కొలబద్దగా వాడతారు. ఈ ఏడాది 5, వచ్చే ఏడాది 6 శాతం నిరంతర రేటు అయితే రెండేళ్లకు 11 అని కూడేయొచ్చు, ఆ సౌకర్యం కోసం. క్రెడిట్ కార్డు లాంటి పెద్ద రేట్ల దగ్గర తేడా కాస్త పెరుగుతుందన్నదీ ఒప్పుకుంటాను. 42 శాతం మీద రోజువారీకి, నిరంతరానికి తేడా ఏడాదికి లక్షకు సుమారు 37 రూపాయలు. కానీ నెలనెలా కలిపినా ఆ 42 శాతం 51 దాటుతుంది. అప్పటికే మునిగిన మనిషికి ఆ 37 రూపాయల గొడవ దేనికి?

ఈ కొలబద్దను సరుకుగా అమ్మిన చరిత్ర అమెరికాది. 1970ల మధ్యలో అక్కడ రెగ్యులేషన్ క్యూ అనే నిబంధన కింద పొదుపు ఖాతాల వడ్డీకి పరిమితి ఉండేది. పొదుపు సంస్థలు 5.25 శాతం దాటి ఇవ్వడానికి వీల్లేదు. రేటులో పోటీ కుదరక ఎన్నిసార్లు కలుపుతామన్న దాంట్లో పోటీ పడ్డాయి. చివరికి ‘నిరంతరం’ దాకా వెళ్లాయి. పది వేల డాలర్లకు రోజువారీతో వచ్చేది 538.99, నిరంతరంతో 539.03. నాలుగు సెంట్ల కోసం అంత ప్రచారం! అసలు మలుపు ఇంకోచోట ఉంది. రోజు వడ్డీ కట్టేటప్పుడు ఏడాదిని 360 రోజులుగా భాగించి, 365 రోజులకు ఇచ్చినవాళ్లున్నారు. ఆ ఒక్క చిన్న మార్పుతో, నిరంతరం కలిపితే, అదే 5.25 మీద 546.71 డాలర్లు వచ్చాయి. పేరు నిరంతర చక్రవడ్డీది, డబ్బు రోజుల లెక్కది.

అక్కడ 1991లో చట్టం తెచ్చి, ఏ డిపాజిట్ ప్రకటనలో రేటు చెప్పినా, ఏడాదికి నికరంగా చేతికొచ్చే శాతాన్ని ఒకే పద్ధతిలో లెక్కకట్టి చూపాలన్నారు. మనకు కావలసింది అదే. కరపత్రంలో ‘రోజువారీ’ అన్న మాట కంటే నాకు భయం ‘సగటు వార్షిక రాబడి’ అన్న మాటతోనే. బాబాయి తెచ్చిన కరపత్రం వెనక పేజీలో అలాంటి పట్టిక ఉంది. ఆ కిటుకు మన బ్యాంకు పద్ధతికి వేసి చూద్దాం. 7 శాతం, మూడు నెలలకోసారి కలిపితే లక్ష ఐదేళ్లకు రూ.1,41,478 అవుతుంది. వచ్చిన 41,478ను ఐదుతో భాగించి ఏడాదికి 8.3 శాతం అని రాసేస్తారు. అదే డబ్బు పదేళ్లకు రెండు లక్షలు దాటుతుంది కాబట్టి 10 శాతం అని రాసుకోవచ్చు. రేటు ఎక్కడా మారలేదు. ఐదేళ్లయినా పదేళ్లయినా నిజంగా ఏడాదికి వచ్చేది 7.19 శాతమే.