ప్రయారిటీ ఎన్‌కోడర్ ఒక్కటే చాలంటారా? T4 ని x చేసి చూడండి

“ఫ్లాష్ ఏడీసీలో కంపారేటర్ల నుంచి వచ్చే థర్మామీటర్ కోడ్‌కి ప్రయారిటీ ఎన్‌కోడర్ పెడితే పని అయిపోయింది. పైన ఉన్న 1 నే చూస్తుంది కాబట్టి బబుల్స్ గొడవ ఉండదు. మధ్యలో గ్రే కోడ్ దండగ, సిమ్యులేషన్‌లో రెండూ ఒకటే రిజల్ట్. తప్పొచ్చినా ఒక్క ఎల్‌ఎస్‌బీ తేడా.”

ముందు బబుల్స్ సంగతి, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. 3 బిట్ల కన్వర్టర్ తీసుకుందాం, 7 కంపారేటర్లు, కింద నుంచి T1 టు T7, రాసేటప్పుడు ఎడమ చివర T1. ఇన్‌పుట్ ఎన్నో మెట్టులో ఉంటే కింద నుంచి అన్ని 1 లు వస్తాయి, అదే థర్మామీటర్ కోడ్. ఇన్‌పుట్ స్పీడ్‌గా మారుతున్నప్పుడు క్లాక్ అన్ని కంపారేటర్లకీ ఒకే క్షణంలో చేరదు, ఆఫ్‌సెట్లు కూడా తోడవుతాయి, దాంతో 1110000 రావాల్సిన చోట 1101000 వస్తుంది, ఒకట్ల మధ్యలో పడ్డ ఆ 0 నే బబుల్ అంటాం. ప్రయారిటీ ఎన్‌కోడర్ దీన్ని 4 అంటుంది, అసలు 3, సరే ఒక్కటే తేడా. కానీ ఆ దారి తప్పిన 1 ఇంకో మెట్టు పైన పడి 1100100 అయితే అది 5 అంటుంది, ఒకట్లు లెక్కపెడితే మాత్రం 3 యే. అంటే బబుల్‌ని ఇది పట్టించుకోకపోవడం కాదండీ, పైనున్న తప్పుడు 1 ని కళ్ళు మూసుకుని నమ్ముతోంది.

ఇక్కడ గ్రే కోడ్ వైపు వాళ్ళు కూడా ఎక్కువ చెప్పకూడదు. గ్రే అంటే పక్కపక్క అంకెలకి ఒక్క బిట్టే మారే కోడ్. 1101000 ని నేరుగా కింద ఉన్న గ్రే లాజిక్‌లోకి పంపితే 111 వస్తుంది, గ్రేలో అది 5, ప్రయారిటీ కంటే దారుణం. బబుల్‌కి మందు వేరే ఉంది, ప్రతి కంపారేటర్‌ని దాని పైదానితో, కిందదానితో కలిపి మెజారిటీ తీయడం (T1 కింద 1, T7 పైన 0 ఉన్నట్టు అనుకుని). 1101000 లో T3 కి అటూ ఇటూ 1 లే కాబట్టి అది 1 అవుతుంది, T4 కి రెండువైపులా 0 లే కాబట్టి 0 అవుతుంది, 1110000 తిరిగొచ్చేస్తుంది. రెండు మెట్ల బబుల్‌కి ఇది గ్యారంటీ కాదు, అది వేరే కథ.

ఇక గ్రే దండగ అన్న మాట, అసలు పేచీ ఇక్కడే. కంపారేటర్ ఇన్‌పుట్‌లో తేడా మరీ చిన్నదైతే క్లాక్ టైమ్ అయిపోయేలోపు అది 0 కీ 1 కీ మధ్యలోనే ఊగిసలాడుతూ ఉండిపోతుంది, దీన్నే మెటాస్టబిలిటీ అంటాం. ఆ సగం వోల్టేజ్‌ని ఒక గేట్ 1 అనుకుంటుంది, పక్క గేట్ 0 అనుకుంటుంది. ఇప్పుడు రెండిటి లాజిక్ చూడండి, B లు ప్రయారిటీ ఎన్‌కోడర్ ఇచ్చే బైనరీ బిట్లు, G లు గ్రే బిట్లు:

```
B2 = T4 | T5 | T6 | T7
B1 = T6 | T7 | ((T2|T3) & ~T4 & ~T5)
B0 = T7 | (T5&~T6) | (T3&~T4&~T6) | (T1&~T2&~T4&~T6)

G2 = T4
G1 = T2 & ~T6
G0 = (T1&~T3) | (T5&~T7)
```

ఇన్‌పుట్ సరిగ్గా 3 కీ 4 కీ మధ్య ఉంది, T1, T2, T3 లు 1, T4 తేలలేదు, మిగతావి 0. బైనరీలో T4 మూడు బిట్లలోకీ వెళ్తోంది, B2 దాన్ని 1 అనుకుని B1, B0 లు 0 అనుకుంటే 111 వస్తుంది, అంటే 7. తిరగేస్తే 000. గ్రేలో ప్రతి T ఒక్కసారే కనబడుతుంది, కాబట్టి T4 ఎటు పడినా 010 గానీ 110 గానీ వస్తుంది, అవి 3, 4, రెండూ కరెక్టే.

సిమ్యులేషన్‌లో రెండూ ఒకటే అన్నారు కదా, మీరు నీట్‌గా 0, 1 లే ఇచ్చారు కాబట్టి ఒకటే వచ్చాయి. T4 కి `1'bx` ఇచ్చి చూడండి, బైనరీ `xxx` అంటుంది, గ్రే `x10` అంటుంది.

ఒక జాగ్రత్త, గ్రే తీసిన వెంటనే ఎక్స్‌ఆర్ గేట్లతో బైనరీ చేసేస్తే ఆ తేలని G2 మళ్ళీ మూడు బిట్లలోకీ పాకుతుంది, చేసిందంతా వృథా. ముందు గ్రే బిట్లని లాచ్ చేయాలి, వీలైతే రెండు లాచ్‌లు, ఆ టైమ్‌లో అది ఏదో ఒక వైపు తేలుతుంది, టైమ్ పెరిగేకొద్దీ తేలకుండా ఉండే ఛాన్స్ ఎక్స్‌పొనెన్షియల్‌గా పడిపోతుంది. మెజారిటీ గేట్లు పెట్టినా అంతే, అక్కడ ఒక్కో T మూడు గేట్లకి పోతుంది కాబట్టి వాటి ముందు కూడా కంపారేటర్ అవుట్‌పుట్ లాచ్ అయి ఉండాలి.

ఒక్క ఎల్‌ఎస్‌బీ సంగతి అయితే బోర్డ్ మీదే తేలిపోతుంది. మెల్లగా పెరిగే ర్యాంప్ ఇచ్చి లక్షల శాంపిల్స్ తీసుకుని పక్కపక్క శాంపిల్స్ తేడా చూడండి, 0 లేదా 1 తప్ప రాకూడదు (నాయిస్ వల్ల సరిహద్దులో ఒక మెట్టు వెనక్కి పడితే పర్లేదు). 3, 3, 7, 4 అని మధ్యలో ఒకే ఒక్క శాంపిల్ ఎగిరిందంటే అదే స్పార్కిల్ కోడ్. సగటు తీస్తే మాత్రం కనపడదు, అందుకే చాలామందికి తమ సర్క్యూట్ బాగానే ఉందనిపిస్తుంది.