నిబంధన మీరే రాశారు, పాటించరేం?

కోచింగ్ మానేసిన విద్యార్థి ఫీజు వెనక్కి అడిగితే కౌంటర్లో వినిపించే మొదటి మాట ‘ఫారం వెనక చదవలేదా?’ అని. చదువుకుని వచ్చినవాళ్లకూ డబ్బు చేతికి రావడం లేదు. మా ఆగ్రహమంతా అందుకే. విద్యార్థికి వ్యతిరేకమైన షరతు శిలాశాసనమట, అనుకూలమైనది ఉత్త కాగితమట!

అడ్మిషన్ ఫారాల్లో కనిపించే ఒక షరతు చూడండి. బ్యాచ్ మొదలైన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా కోరితే రిజిస్ట్రేషన్ రుసుము మినహా మిగతాది తిరిగిస్తామంటుంది. తొమ్మిదో రోజున తండ్రి వెళ్తాడు. ‘ఇంకో వారం పంపి చూడండి సార్, అప్పటికీ నచ్చకపోతే మాట్లాడదాం’ అంటాడు కౌన్సెలర్. వారం తర్వాత వెళ్తే బ్రాంచి మేనేజరు ఉండడు. పదిహేడో రోజున ఉంటాడు, గడువు దాటిందంటాడు. ఇంకొందరు గడువును బ్యాచ్ మొదలైన రోజు నుంచి కాక, డబ్బు కట్టిన రోజు నుంచి లెక్కేస్తారు. మార్చిలో కట్టించుకుని జూన్‌లో తరగతులు మొదలుపెడితే, పిల్లవాడు గదిలో అడుగు పెట్టకముందే గడువు ముగిసిపోతుంది. ఫారంలో అలా లేదే అంటే ‘హెడ్డాఫీసు పాలసీ’ అంటారు. సంతకం పెట్టిన కాగితంలో లేని పాలసీకి విద్యార్థి ఎందుకు కట్టుబడాలి?

అందుకే నోటిమాటగా అడగడం చాలదు. మానేస్తున్నామని, ఏ షరతు కింద ఎంత రావాలో రసీదు నంబరుతో సహా రాసి, ఫారంలో ఉన్న చిరునామాకు గడువులోపే ఈమెయిలు, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపాలి. చివరిసారి తరగతికి వెళ్లిన తేదీ అందులో ఉండాలి. అసలు రసీదును కౌంటర్లో అప్పగించకూడదు. ‘ఇక బాకీ ఏమీ లేదు’ అనే కాగితంపై డబ్బు ఖాతాలో పడేదాకా సంతకం చేయకూడదు.

సీటు ఖాళీగా మిగిలిపోతుందని, అధ్యాపకులకు ముందే జీతాలు ఖరారు చేస్తామని సంస్థలు అంటాయి. కొంత నిజమే. అయితే ఆ నష్టం ఎంతో చూపించి అంతవరకే కోసుకోవాలి. నష్టంతో పొంతన లేని జరిమానా వేసే ఒప్పందాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అంటోంది. అలాంటి షరతును రద్దు చేసే అధికారం రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు ఉంది. ‘కట్టిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు’ అన్న వాక్యం అచ్చయినంత మాత్రాన అది చట్టమైపోదు.

ద్వంద్వ నీతి అసలు రంగు జీఎస్టీ దగ్గర బయటపడుతుంది. పాఠశాలలకు పన్ను మినహాయింపు ఉంటే, కోచింగ్‌పై 18 శాతం వసూలవుతోంది. పన్ను కట్టించుకునేటప్పుడు ఇది వ్యాపార సేవ. వినియోగదారుల కమిషన్ ముందుకొచ్చేసరికి ‘మాది విద్యాసంస్థ, ఈ చట్టం మాకు వర్తించదు’! ఆ వాదన చెల్లదని, కోచింగ్ కేంద్రాలు విద్యాసంస్థల కోవలోకి రావని జాతీయ కమిషన్ 2020లోనే తేల్చింది.

పది నెలల కోర్సుకు లక్ష ఫీజు, 18 వేల పన్ను కట్టి రెండు నెలలకే మానేసిన విద్యార్థిని ఊహించుకోండి. దామాషా లెక్కన 80 వేలు, దానిపై పన్ను 14,400 తిరిగి రావాలి. ‘పన్ను ప్రభుత్వానికి వెళ్లిపోయింది’ అనేది కౌంటర్లో సిద్ధంగా ఉండే జవాబు. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకు బిల్లు మొత్తాన్ని తగ్గించినట్టు చూపే క్రెడిట్ నోటు ఇచ్చి ఆ పన్నును సర్దుబాటు చేసుకునే వీలు సంస్థకు ఉంది. ఆ సంగతి వారి అకౌంటెంటుకు తెలియదంటే నమ్మలేం.

మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజును దామాషాలో 10 రోజుల్లోపు తిరిగివ్వాలని, హాస్టల్, మెస్ రుసుములూ అందులోకి వస్తాయని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇవి రాష్ట్రాలు అమలు చేస్తే తప్ప కోరలు లేని సూచనలే. సంస్థలకు ఆ సంగతి తెలుసు, అందుకే నింపాదిగా ఉన్నాయి. విద్యార్థికి మిగిలేది 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్, అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల్లోపైతే అక్కడ రుసుము లేదు, వివాదం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. పరీక్షకు చదువుకోవాల్సిన పిల్లలు వాయిదాలకు తిరగాలన్నమాట.

సొంత ఫారంలోని గడువును సొంత కౌన్సెలర్‌తోనే దాటించే సంస్థకు రిజిస్ట్రేషన్ ఎందుకుండాలి? ఆ ప్రశ్న వేయాల్సిన ప్రభుత్వాలు మార్గదర్శకాలను బీరువాలో పెట్టి, ఒక్కొక్క తండ్రినీ ఒంటరిగా కమిషన్ మెట్లెక్కమంటున్నాయి. సిగ్గుపడాల్సింది సంతకం పెట్టిన తండ్రి కాదు.