"పర్ మై లాస్ట్ ఈమెయిల్" కంటే ముందు సీసీ చూడండి

అమెరికా క్లయింట్లతో పనిచేసే టీముల్లో "పర్ మై లాస్ట్ ఈమెయిల్" అన్న మాట కనిపిస్తే చాలు, కొత్తగా చేరినవాళ్ళకి ఆ రోజంతా టెన్షనే. "అన్నా, క్లయింట్ కోపంగా ఉన్నాడు" అంటూ వచ్చేస్తారు. ఆ ఒక్క మాటతో కోపాన్ని కొలవకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

రాసిందెవరో ముందు చూడాలి. మన ఆఫీసుల్లో "యాజ్ పర్ మై ఎర్లియర్ మెయిల్" మామూలు వాడుక. అకౌంట్స్ వాళ్ళు అలా రాస్తే పాత మెయిల్ తీసి చూడమని, అంతే. అదే ఒక అమెరికన్ రాస్తే కొంత కటువుగానే తీసుకోవాలి, "ముందే చెప్పాను కదా" అన్నట్టు. అయినా అది గొడవ కాదు.

మా టీములో జరిగిందే చెప్తాను. క్లయింట్ సోమవారం రెండు ప్రశ్నలు అడిగాడు: టెస్టింగ్ ఎప్పుడు మొదలవుతుంది, టెస్ట్ డేటా ఎవరిస్తారు. మా తమ్ముడొకడు మొదటిదానికే జవాబిచ్చాడు. గురువారం మెయిల్ వచ్చింది: "పర్ మై లాస్ట్ ఈమెయిల్, డేటా సంగతి రేపటిలోగా చెప్పండి." వీడు హడలిపోయి మూడు పేరాల క్షమాపణ రాసి, సీసీలో మేనేజర్‌ని కూడా పెట్టాడు. అందులోనూ డేటా ఎవరిస్తారో లేదు! అప్పటిదాకా ఇద్దరి మధ్యే ఉన్న విషయాన్ని వీడే పైవాళ్ళ దాకా తీసుకెళ్ళాడు. పాత మెయిల్ తెరిచి చూసుంటే మిగిలిపోయిన ప్రశ్న కనిపించేది. "డేటా మేమే ఇస్తాం, బుధవారానికి" అని ఒక్క లైను రాస్తే సరిపోయేది.

నిజంగా ప్రమాదమైన మెయిల్ చాలాసార్లు మర్యాదగా ఉంటుంది. "యాడింగ్ సో అండ్ సో ఫర్ విజిబిలిటీ" అని, నిన్నటిదాకా లేని పెద్ద పేరు సీసీలో చేరుతుంది. "3న అడిగాను, 6న గుర్తుచేశాను, 10న మళ్ళీ రాశాను" అని తేదీలు వరుసగా వస్తాయి. ఎప్పుడూ "హాయ్" అని మొదలుపెట్టే మనిషి ఒక్కసారిగా పూర్తి వాక్యాల్లోకి మారిపోతాడు. ఆ మెయిల్ మనకోసం రాసింది కాదు, రేపు ఎస్కలేషన్ అయితే చూపించడానికి రాసింది. ఇందులో ఒక్క గుర్తే ఉంటే తొందరపడక్కర్లేదు. కొందరికి అందరినీ సీసీలో పెట్టడం అలవాటు, వాళ్ళ పాత మెయిల్స్ చూస్తే తెలిసిపోతుంది. రెండు మూడు కలిసి వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

అప్పుడు సంజాయిషీలు, ఎదురు వ్యంగ్యం రెండూ నష్టమే. ముందు మన మేనేజర్‌కి మనమే ఫోన్ చేసి విషయం చెప్పాలి. తర్వాత అదే థ్రెడ్‌లో, సీసీలో ఎవరినీ తీసేయకుండా, ఏది అయింది, ఏది కాలేదు, మిగిలింది ఏ తేదీకి ఇస్తామో రాయాలి. పేర్లు తీసేస్తే దాస్తున్నారనుకుంటారు. తేదీ లేకపోతే అదే మెయిల్ మళ్ళీ వస్తుంది.