మొదటి మెయిల్‌లోనే కూపన్ ఎందుకండీ?

కార్ట్‌లో పెట్టి కొనకుండా వెళ్లిపోయిన వాళ్లకు గంటలో పది శాతం కూపన్ పంపేయమని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. కావలిలో మా వదిన సున్నిపిండి, ఫేస్ ఆయిల్ చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. మెయిళ్లు రాసేది నేను.

ఆయిల్ సీసా 450 రూపాయలు. నూనెలు, సీసా, ప్యాకింగ్, పేమెంట్ చార్జీలు పోగా మిగిలేది 200. అందులో 45 కూపన్‌కి ఇస్తే దాదాపు పావు వంతు పోయినట్టే. పైగా ఒకసారి కూపన్ రుచి చూసినామె రెండోసారి కావాలనే కార్ట్‌లో వదిలేసి కూపన్ కోసం కాచుకుంటుంది. అలవాటు చేసింది మనమే కదా!

అసలు ఎక్కడ ఆగారో చూడాలి. మా దగ్గర ఎక్కువమంది కొరియర్ 60 రూపాయలు కనబడిన చోటే ఆగేవాళ్లు. దానికి మెయిల్ మందు కాదు. ఆ 60ని ప్రొడక్ట్ పేజీలో ధర కిందే రాయించాను.

ఇక మెయిళ్లు మూడే. గంట తర్వాత వెళ్లేదాంట్లో సీసా ఫొటో, కార్ట్ లింకు, "డబ్బు కట్టడంలో ఏమైనా ఇబ్బందా? దీనికే జవాబివ్వండి" అన్న ఒక్క మాట. యూపీఐ మధ్యలో ఆగినవాళ్లు వెంటనే రాస్తారు. మర్నాటి మెయిలే నా దృష్టిలో అసలైనది. చర్మానికి రాసుకునేది కాబట్టి "నాకు పడుతుందా?" అన్నదే అందరి భయం. ఇందులో కొబ్బరినూనె ఉంది, మొటిమలొచ్చే ముఖానికి వద్దు అని తెగేసి చెబుతాం. మిగతావాళ్లు ముందు మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి, ఒక రోజు ఆగి చూసుకోమంటాం. మూడో రోజు, అదీ మొదటిసారి కొనేవాళ్లకే, కొరియర్ ఉచితం.

మన ఊళ్లలో ఇంకో తలనొప్పి ఉంది. కార్ట్ వదిలేసి వాట్సాప్‌లో "అక్కా, ఒకటి పంపు" అంటారు. ఆ అమ్మకం సైట్‌కి తెలియదు. సీసా ఇంటికి చేరాక కూడా "మీ కార్ట్ అలాగే ఉంది" అని మెయిల్ పోతుంది. అందుకే వాట్సాప్ ఆర్డర్‌ని అదే ఈమెయిల్‌తో సైట్‌లో వెంటనే ఎక్కించాలి. ఆర్డర్ పడితే మెయిళ్ల వరుస ఆగిపోయేలా షరతు పెట్టాలి.

ఇదంతా ఈమెయిల్ ఉంటేనే. చెకౌట్‌లో ఫోన్ నంబర్ ఒక్కటే తీసుకుంటే పంపడానికేం ఉండదు. ఈమెయిల్ అడిగే మా ఫారంలో కూపన్ ఎర లేదు. "మీ చర్మం జిడ్డా, పొడా?" అని అడిగి, సరిపడే వాడకం మెయిల్ చేస్తామంటాం. ఆ జవాబుని బట్టే రెండో మెయిల్ మారుతుంది.

ఒంగోలు స్టాల్‌లో బిల్లు కోసం నోటుపుస్తకంలో రాసుకున్న ఈమెయిల్ చిరునామాలన్నీ మెయిళ్ల లిస్టులో దింపేద్దామంది వదిన. నేను ఒప్పుకోలేదు. సగం అక్షరాలు అర్థం కావు, మెయిళ్లు తిరిగొస్తాయి. పైగా వాళ్లు అడగలేదు. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదంటుంది జీమెయిల్. మూడు వందల మందికి పంపితే ఒక్కరు స్పామ్ బటన్ నొక్కినా గీత దాటినట్టే.