ఆ క్యాండిల్ ఒక్కటే కత్తిరించి పెట్టకండయ్యా

టెలిగ్రామ్ గ్రూపుల్లో షేరు చార్టు నుంచి, ఒక రోజు ధర కదలికని చూపే ఒక్క క్యాండిల్‌ని స్క్రీన్‌షాట్ తీసి, దాని చుట్టూ ఎర్ర గీత గీసి "హామర్ పడింది, కొనేయండి" అని పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎడమవైపు ఏం జరిగిందో కనిపించకుండా కత్తిరించేస్తే అది హామరో, హ్యాంగింగ్ మ్యానో దేవుడు కూడా చెప్పలేడు. ఎందుకంటే రెండింటి ఆకారం ఒక్కటే. పైన చిన్న బాడీ, అంటే మొదలైన ధరకీ ముగిసిన ధరకీ మధ్య భాగం. కింద బాడీకి కనీసం రెండింతల పొడవున్న తోక, అంటే ధర పడి తిరిగొచ్చిన మేర. పైన తోక లేనట్టే. పడుతూ వచ్చిన షేరులో అది కనిపిస్తే హామర్, పెరుగుతూ వచ్చిన షేరులో కనిపిస్తే హ్యాంగింగ్ మ్యాన్. వాన కూడా అంతే కదా, నాట్లప్పుడు పడితే పండగ, కోతలప్పుడు పడితే ఏడుపు.

నా సొంత అనుభవమే చెప్తాను, షేరు పేరు ఎందుకులెండి. ఆ రోజు 406 దగ్గర మొదలై, 390 దాకా పడి, 411 తాకి, 410 దగ్గర ముగియబోతోంది. బాడీ 4 రూపాయలు, కింది తోక 16, పైది 1. పుస్తకంలో బొమ్మలా ఉంది. గ్రూపులో అన్న ఒకాయన "హామర్" అన్నాడు. నేను మధ్యాహ్నం 3:20కి 410 దగ్గర 100 షేర్లు కొని, తోక కింద 389కి స్టాప్‌లాస్ పెట్టాను. మర్నాడు 403 దగ్గర ఓపెనై 397 దగ్గర క్లోజైంది. మూడో రోజు స్టాప్‌లాస్ కొట్టేసింది. 2,100 పోయాయి. అప్పుడు తీరిగ్గా చార్టు వెనక్కి జరిపి చూస్తే ఏముంది, ఆ షేరు ఐదు వారాల్లో 340 నుంచి 410కి ఎక్కింది! కింద పడని షేరుకి హామర్ ఏమిటి నా మొహం.

అదే క్యాండిల్, అవే అంకెలు, షేరు 520 నుంచి మూడు వారాలు జారి అక్కడికి వచ్చి ఉంటే కథ వేరు. వరసగా అమ్ముతున్నవాళ్లు ఆ రోజు కూడా 390 దాకా తొక్కారు, కానీ అక్కడ నిలబెట్టలేకపోయారు. ధర పడుతుందని ముందే అమ్మి షార్ట్ చేసినవాళ్లు భయపడి తిరిగి కొన్నారు, కొత్తవాళ్లూ చేరారు, ధర పైకొచ్చేసింది. జపాన్‌లో ఇలాంటి క్యాండిల్‌ని 'తకురి' అంటారు. నీళ్లలో అడుగు ఎక్కడుందో తడిమి చూడటం లాంటిదట. అడుగు తగిలిందన్న ఆశ, అంతే.

పెరిగిన షేరులో ఆ తోకకి వేరే అర్థం. ఇన్నాళ్లూ అమ్మేవాడు లేక ఎక్కిన ధర ఒక్క రోజులో 16 రూపాయలు జారిందంటే, పెద్ద అమ్మకం మొదటిసారి బయటపడిందన్నమాట. సాయంత్రానికి కోలుకుంది నిజమే. కానీ ఆ కోలుకోవడాన్ని నమ్మి 410లో కొన్న నాలాంటివాళ్లు, మర్నాడు ధర 406 కిందకి వెళ్లగానే అందరూ నష్టంలోనే ఉంటారు. వాళ్ల అమ్మకమే మరింత కిందకి తోస్తుంది.

అలాగని హ్యాంగింగ్ మ్యాన్ కనిపించగానే షార్ట్ కొట్టేవాళ్లూ నాకు నచ్చరు. ఎంతైనా ఆ రోజు క్లోజింగ్‌లో గెలిచింది కొనేవాళ్లే. థామస్ బుల్కోవ్‌స్కీ అనే అమెరికన్ పాత చార్టులు తవ్వి లెక్కేస్తే, హ్యాంగింగ్ మ్యాన్ తర్వాత సుమారు 59 శాతం సార్లు ధర పైకే పోయిందని తేలింది. అందుకే మర్నాటి క్లోజింగ్ బాడీ కింద, అంటే నా ఉదాహరణలో 406 కింద పడేదాకా దాన్ని హెచ్చరికగానే చూడాలి. హామర్‌కైనా మర్నాడు 411 పైన క్లోజైతేనే నాకు కాస్త ధైర్యం. ఈలోపు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, పెడతాను.

ఇక నెల రోజులుగా 395కీ 415కీ మధ్య ఊగుతున్న షేరులో ఈ క్యాండిల్ పడితే? దానికి ఏ పేరూ లేదు. తిరగడానికి అసలు ట్రెండే లేదు కదా. మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. పదిహేను నిమిషాల చార్టులో ఇలాంటివి రోజూ పడుతుంటాయి, ప్రతిదానికీ ఎవరో ఒకరు సుత్తి పేరు పెట్టేస్తారు. బాడీ పచ్చగా ఉందా ఎర్రగా ఉందా అని కామెంట్లలో కొట్టుకునేవాళ్లకో మాట: రంగు చూసే ముందు ఎడమవైపు చూడండి.

ఇప్పుడు నేను చివరి క్యాండిల్‌ని బొటనవేలితో మూసేసి, వెనక ఇరవై క్యాండిల్స్ చూస్తాను. శిఖరాలూ పల్లాలూ దిగుతూ వస్తున్నాయా, ఎక్కుతూ వస్తున్నాయా? పది సెకన్లలో చెప్పలేకపోతే వేలు తీయను, చార్టు మార్చేస్తాను.

నిన్న ఆ అన్నే మళ్లీ ఒక హామర్ పెట్టాడు, ఒకే ఒక్క క్యాండిల్. "ముందు ఇరవై రోజులు చూపించన్నా" అని అడిగాను. రెండు టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు.